గ్రూపులో వచ్చే వీడియోల గురించి అందరికీ ఒక మాట

అందరికీ నమస్కారం. పెద్దవాళ్లు ఏమీ అనుకోకండి, కొంచెం పెద్ద మెసేజే, కానీ దయచేసి చివరిదాకా చదవండి.

మొన్న తమ్ముడు పాప మొదటిసారి నడిచిన వీడియో పెట్టాడు కదా, అది అమ్మ ఫోన్‌లో డౌన్‌లోడ్ కాలేదు. ఫోన్‌లో జాగా లేదని వస్తోందట. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని తనే కూర్చుని గ్యాలరీలో పాత ఫోటోలు ఒక్కొక్కటీ తీసేసింది, అందులో నాన్నగారి ఫోటోలు కూడా పోయాయి. నేను వెళ్లేసరికి ట్రాష్‌లో కొన్ని దొరికాయి, అన్నీ దొరకలేదు. నాకు చాలా బాధేసింది.

ఆ ఫోన్ మొత్తం 32 జీబీ. చూస్తే మన గ్రూపు ఒక్కటే 9 జీబీ పైన తీసుకుంది! దాదాపు అన్నీ ఫార్వర్డ్ వీడియోలే, గుడ్ మార్నింగ్‌లు, ఆరోగ్య చిట్కాలు, ఒకే ప్రవచనం ముగ్గురు పంపినవి. పిన్నీ, బాబాయ్, మీరు ప్రేమతోనే పంపుతున్నారని నాకు తెలుసు, మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కానీ మనలో సగం మందివి చిన్న ఫోన్లే, ఒకరు పంపింది అందరి ఫోన్లలోనూ చేరుతుంది.

కాబట్టి బయటినుంచి వచ్చిన వీడియోలు ఇక ఈ గ్రూపులో పెట్టొద్దు. ఏదైనా నిజంగా బాగుంటే దాని లింక్ పెట్టండి, లేదా ఏముందో రెండు ముక్కల్లో రాయండి, కావలసినవాళ్లు చూసుకుంటారు. వీడియో మీద రెండు బాణాల గుర్తుతో "Forwarded many times" అని ఉంటే అది ఇప్పటికే చాలా చేతులు మారిందని అర్థం, అలాంటిది అస్సలు వద్దు. మన పిల్లలవి, మన ఇంట్లో ఫంక్షన్లవి మాత్రం తప్పకుండా పెట్టండి, ఈ గ్రూపు పెట్టుకున్నదే వాటికోసం.

ఇప్పటికే నిండిపోయిన ఫోన్లకి: వాట్సాప్‌లో Settings, Storage and data, Manage storage లోకి వెళ్లండి. పెద్ద ఫైళ్లు, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి అక్కడ విడిగా కనిపిస్తాయి. ఒక్కొక్కటీ తెరిచి చూశాకే తీసేయండి, అన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టకండి, మన ఇంటి వీడియోలు కూడా వాటిలోనే కలిసి ఉంటాయి. అదే Storage and data లో Media auto-download అని ఉంటుంది, అక్కడ వీడియోల దగ్గర టిక్ తీసేస్తే మనం నొక్కితేనే వీడియో దిగుతుంది. వైఫైకీ మొబైల్ డేటాకీ వేరువేరుగా ఉంటుంది, రెండుచోట్లా తీయాలి. అత్తయ్యా, మీ ఫోన్‌లో ఇది ముందు చేయండి, మీరు కూడా జాగా లేదంటున్నారు కదా.

ఇదంతా రాకపోతే మీరే తిప్పలు పడొద్దు, రాత్రి 8 తర్వాత నాకు వీడియో కాల్ చేయండి, పక్కనుండి చేయించినట్టే చేయిస్తాను.

ఇంకొకటి, నాన్నగారి ఫోటోలు మీలో ఎవరి దగ్గరున్నా, పాతవైనా సరే, నాకు విడిగా పంపండి. అమ్మ ఫోన్‌లో మళ్లీ పెట్టాలి.