లేబుల్ లేని సరుకును ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఫోటోలు, నంబర్ల పని ప్లాన్ (మోటారు స్పేర్స్ షాపు, ఆటోనగర్, విజయవాడ)

డబ్బా పోయినవి, లేబుల్ ఊడినవి సుమారు 420 రకాలు: బేరింగులు, ఆయిల్ సీళ్లు, వి-బెల్టులు, కెపాసిటర్లు. పని చేసేది ఓనరు, కౌంటర్ కుర్రాడు. టైము మధ్యాహ్నం 2 నుంచి 4, గిరాకీ పలచగా ఉండే వేళ. రకానికి 4 నిమిషాలు వేసుకుంటే రోజుకు 30, మొత్తం 14 పనిదినాలు.

కావలసినవి: తెల్ల చార్టు, వెర్నియర్ కాలిపర్, చిన్న టార్చి, పొడి గుడ్డ, మార్కర్, జిప్ కవర్లు. కిటికీ పక్కన బల్ల వేసుకోవాలి. ఫ్లాష్ వద్దు, మెరిసే ఉక్కు మీద నంబరు తెల్లబోతుంది.

ముందు కవరు మీద నంబరు (B-001, S-001, V-001, C-001), తర్వాతే ఫోటో. ఈ వరస తప్పితే సాయంత్రానికి ఏ ఫోటో ఏ సరుకుదో ఎవరికీ తెలియదు. రకానికి మూడు ఫోటోలు: కవరు నంబరుతో కలిపి పూర్తి వస్తువు, నంబరు దగ్గరగా, కాలిపర్ పెట్టి కొలత. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగానే పంపాలి, మామూలుగా పంపితే చెక్కిన అక్షరాలు మసకబారతాయి.

అసలు శ్రమంతా బేరింగుల దగ్గరే. నంబరు రింగు అంచున గానీ, రబ్బరు సీలు మీద గానీ ఉంటుంది. టార్చి పక్కనుంచి, బల్లకు ఆనించినంత కిందుగా పట్టుకుని బేరింగును మెల్లగా తిప్పితే అక్షరాల నీడ పడి చదవడానికి వస్తుంది. సుద్దపొడి రుద్దే అలవాటు బేరింగుల దగ్గర మానాలి, పొడి లోపలికి పోతే సరుకు పాడైనట్టే. చదివిన నంబరును కొలతతో సరిచూడాలి: 6203 అయితే లోపల 17, బయట 40, మందం 12 మి.మీ. కొలత కుదరకపోతే చదవడంలో తప్పు ఉన్నట్టే. నంబరు చివరి తోకను వదలకూడదు: ZZ అంటే లోహపు మూత, 2RS రబ్బరు సీలు, C3 అంటే లోపలి సందు ఎక్కువ. ఆన్‌లైన్‌లో 6203 అని మాత్రమే పెడితే C3 అడిగినవాడు వెనక్కి పంపుతాడు, రానుపోను ఖర్చు మన నెత్తినే.

ఆయిల్ సీలుకు షాఫ్టు, బయటి కొలత, మందం ఆ వరసలోనే రాయాలి. బెల్టు పైవెడల్పు 13 మి.మీ. ఉంటే A, 17 ఉంటే B. A-42 అంటే లోపలి చుట్టుకొలత 42 అంగుళాలు. దారంతో బయట కొలిస్తే A బెల్టుకు దాదాపు 2 అంగుళాలు తగ్గించాలి. కెపాసిటరును థిన్నరుతో తుడవొద్దు, అచ్చు చెరిగిపోతుంది.

షీటులో గడులు: కోడ్, వస్తువు, బ్రాండు, మోడల్ నంబరు, కొలతలు, ఎన్ని ఉన్నాయి, ఏ ర్యాకు, ఎవరు చూశారు. మోడల్, కొలతల గడులను ముందే Plain text చేయాలి. లేకపోతే కొన్ని సీలు సైజులు తేదీలుగా మారతాయి, నంబరు ముందున్న సున్నా ఎగిరిపోతుంది.

బ్రాండు వస్తువు మీద చదివితేనే రాయాలి. పక్కన దొరికిన డబ్బానో, ‘మనం వాళ్ల సరుకే తెస్తాం కదా’ అనే ఊహనో చూసి రాయకూడదు. చదవలేనివి ‘బ్రాండు తెలియదు’ అని ఎర్ర కవరులో వేయాలి. శనివారం ఓనరు పాత బిల్లులతో వాటిని పోల్చి చూస్తాడు. అప్పటికీ తేలనివి కొలతతోనే కౌంటర్‌లో అమ్మాలి, ఆన్‌లైన్‌లో పెట్టకూడదు.