సెలవు నుంచి వచ్చేశాను సార్, పెండింగ్ పనుల సంగతి

నమస్తే సార్, చెల్లి పెళ్లి బాగా జరిగింది, పొద్దున్నే గుంటూరు దిగి నేరుగా ఆఫీసుకే వచ్చేశాను.

మెయిళ్లు, టాలీ చూశాను. ముందు జీఎస్టీఆర్-1 సంగతి, 11వ తేదీ గడువు కాబట్టి రేపు సాయంత్రానికల్లా వేసేస్తాను. కాకపోతే రెండు బిల్లుల్లో పార్టీ జీఎస్టీ నంబరు ఒక అంకె తేడాగా ఉంది, ఫోన్ చేశాను, మధ్యాహ్నానికి సరైనది పంపుతామన్నారు. కోల్డ్ స్టోరేజీ వాళ్ల లెక్కకీ మనదానికీ 14 టిక్కీలు తేడా వస్తోంది, ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదు, గురువారం నేనే వెళ్లి రసీదులు పక్కన పెట్టుకుని చూసుకొస్తా. లారీ కిరాయి 38,500 మీరు ఓకే అంటే ఈరోజే కట్టేస్తాను.

నేను లేని ఆరు రోజులూ బిల్లింగ్ అమ్మాయి ఒక్కతే రెండు సీట్ల పని చూసుకుంది, డిస్పాచ్ తమ్ముడు రాత్రి తొమ్మిదింటికి కూడా ఈ-వే బిల్లులు తీశాడట. పెళ్లి పందిట్లో నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదంటే వీళ్ల పుణ్యమే. ఇద్దరికీ థ్యాంక్స్ చెప్పాను, మీరూ ఓ మాట అంటే సంతోషిస్తారు. సెలవు ఇచ్చినందుకు మీకూ థ్యాంక్స్ సార్.

సున్నుండలు తెచ్చాను, మీ వాటా నా డ్రాయర్లో దాచాను, మధ్యాహ్నం దాటితే గ్యారంటీ లేదు.