ఆషాఢం రాకముందు

ఈ ఫొటోలకి ఒకదానితో ఒకటి పొంతన లేదని మీకు అనిపించొచ్చు. పెళ్లికూతురి చేతులు, పొంగుతున్న పాలు, చేపల మార్కెట్, తడి మట్టి, బుడ్డోడి స్కూల్ బూట్లు, బోనం. కానీ జూన్ నెలంతా మా ఇంట్లో నడిచింది ఒకటే మాట: "ఆషాఢం రాకముందే కానిచ్చేద్దాం." ఈసారి ఆషాఢానికి ముందే మూఢం కూడా వచ్చిపడింది. దాంతో ముహూర్తం చూసుకోవాల్సిన పనులన్నీ మొదటి వారంలోనే మీద పడ్డాయి.

మొదటి ఫొటోలో ఉన్నది మా చిన్నమ్మ కూతురి చేతులు. తెల్లవారుజాము ముహూర్తం. తాళి పడింది, తలంబ్రాలు అయ్యాయి, అప్పుడు ఎవరో చేతిలో టీ కప్పు పెట్టారు. గోరింటాకు పండిన చేతులు, మోచేతుల దాకా గాజులు, టీ మీద ఒక బియ్యపు గింజ తేలుతోంది. పెళ్లి ఆల్బమ్‌లో ఇది ఉండదు. నాకు మాత్రం ఆ పెళ్లంటే ఇదే గుర్తుంటుంది. ముందు రోజు నుంచీ ఏమీ తినని పిల్ల, ఆ టీ తాగాకే నవ్వింది.

పాలు పొంగేది మా కొత్త అద్దె ఇంట్లో. మల్కాజిగిరిలోనే, రెండు వీధుల అవతల. వెనకాల అట్టపెట్టెలు, వాటి పక్కన కుర్చీలో నల్లద్దాలతో మా నాన్న. కంటి శుక్లాల ఆపరేషన్ కోసం జనగామ దగ్గర మా ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. పాలు తూర్పు వైపు పొంగాయని అందరికంటే ముందు చెప్పింది ఆయనే.

చేపల ఫొటో ముషీరాబాద్ మార్కెట్‌లో. మృగశిర కార్తె రోజు అక్కడ కాలు పెట్టే చోటుండదు. ఇల్లు మారినా, పెట్టెలు విప్పకపోయినా, మృగశిర నాడు చేపల కూర ఉండాల్సిందేనని అత్తమ్మ పట్టు. చేతికి బూడిద రాసుకుని, జారిపోయే కొర్రమీనుని ఒక్క పట్టున లాగుతున్న ఆ పెద్దమ్మని చూడండి, ఎంత ఒడుపో! చేప ముట్టని మా నాన్నకి ఇంగువని బెల్లంలో చుట్టి ఇచ్చాం. వాన మొదలయ్యే రోజుల్లో ఒంట్లో వేడి పుట్టాలని పెద్దలు పెట్టిన అలవాటు అది.

ఇప్పుడు ఆ మట్టి ఫొటో. అది వీడియో కాల్ స్క్రీన్‌షాట్, అందుకే మసగ్గా ఉంది. ఈ నెల మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. మంచి వాన పడింది, పత్తి గింజలు పెట్టాలి. నాన్నని దుమ్ములోకి వెళ్లొద్దన్నారు డాక్టరు. ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న లేకుండా మా చేలో విత్తనం పడటం నేను చూడలేదు. తమ్ముడు ఫోన్ పట్టుకుని చేను గట్టున నిలబడ్డాడు. "తేమ ఎంత లోతు దిగిందిరా? వేలు పెట్టి చూపించు" అన్నారు నాన్న. వాడు చూపుడువేలు మట్టిలోకి దించి, ఎక్కడిదాకా తడిసిందో చూపించాడు. "ఇంకో పక్క చూడు" అన్నారు. అక్కడా చూపించాడు. అప్పుడు గానీ "ఇక పెట్టండి" అనలేదు. ఫోన్ పెట్టేశాక నాతో అన్నారు, ఆషాఢంలో పెళ్లిళ్లు ఎందుకు పెట్టుకోరనుకున్నావు, అందరూ పందిట్లో కూర్చుంటే చేనెవరు చూస్తారు అని. ఎవరే కారణం చెప్పినా నాకు నచ్చిన కారణం ఇదే.

బూట్లు మా బుడ్డోడివి. 12న బడి తెరిచారు, ఒకటో తరగతి. లేసులు తాతే కట్టారు. కొత్త కన్నుతో చేసిన మొదటి పని అదేనట! మధ్యలో ఉన్న నేరేడు పళ్లు, ఆఫీసు కిటికీలోంచి వాన, వాటికి కథ లేదు. బాగున్నాయని పెట్టాను.

చివరిది గోల్కొండ. ఆషాఢం వచ్చింది, జగదంబిక అమ్మవారికి మొదటి బోనం ఎక్కింది. పసుపు రాసిన కుండ, వేపమండలు, పైన దీపం. ఆ మెట్ల మీద, అంత తోపులాటలో, దీపం కొండెక్కకుండా నడుస్తున్న ఆవిడ ఎవరో నాకు తెలీదు. దణ్ణం పెట్టుకుని దారి ఇచ్చాను.

పెళ్లికూతురు ఆషాఢానికి పుట్టింటికి వచ్చేసింది. ఈ ఆదివారం అందరం మా ఇంట్లో గోరింటాకు పెట్టుకుంటున్నాం. కోన్‌లు వద్దు, రుబ్బిన ఆకే కావాలి. మల్కాజిగిరి చుట్టుపక్కల ఎవరింట్లోనైనా చెట్టుంటే చెప్పండి, నేనే వచ్చి కోసుకుంటాను.

#జూన్ #ఆషాఢం #మృగశిర #బోనాలు