వ్యక్తిగత ఫైలుకు నోటు: హెచ్చరిక లేఖ, సంబంధిత ఘటనల కాలక్రమం

ఉద్యోగి: కోల్డ్ స్టోర్ ఆపరేటరు, సిబ్బంది సంఖ్య 417, రొయ్యల శుద్ధి యూనిట్, ముత్తుకూరు మండలం, నెల్లూరు జిల్లా.

చూసిన కాగితాలు: 14-07-2025 నాటి హెచ్చరిక లేఖ, సూపర్‌వైజర్ నోట్లు రెండు, హాజరు పట్టిక, ఉష్ణోగ్రతల రిజిస్టరు, జనరేటర్ పుస్తకం, ఉద్యోగి రాసిచ్చిన వివరణ.

03-06-2025: ఉదయం 6 గంటల షిఫ్టుకు 6.40కి వచ్చారు. కారణం నమోదు కాలేదు.

17-06-2025: రాక 6.25. బస్సు దారిలో ఆగిపోయిందని ఉద్యోగి చెప్పినట్లు, తాను నోటిమాటగా మందలించినట్లు సూపర్‌వైజర్ రాశారు. ఉద్యోగి సంతకం లేదు.

26-06-2025: లేఖ దీన్ని మూడో ఆలస్యంగా లెక్కించింది. హాజరు పట్టికలో ఆ రోజు గడిలో ‘ఓడీ’ అని, అంటే ఆన్ డ్యూటీ అని, పక్కన స్టోర్స్ ఇన్‌చార్జి పొట్టి సంతకం ఉన్నాయి. ఈ రెండింటికీ పొంతన లేదు. ఏది సరైనదో తేల్చడం ఈ నోటు పని కాదు.

08-07-2025 రాత్రి షిఫ్టు: గది −18 డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా ఉండాలి, గంటకోసారి రీడింగు రాయాలి. 1 గంటకు −19 అని ఉంది. 2, 3 గంటల గడులు ఖాళీ. 4 గంటల గడిలో −11. మొదట రాసిన అంకెపై దిద్దారు, కింది అంకె చదవడానికి వీలు కాలేదు. 1.50 నుంచి 2.35 వరకు కరెంటు లేదని, 2.10కి జనరేటర్ వేశారని జనరేటర్ పుస్తకం చెబుతోంది. తెల్లవారుజామున 4.20కి తాను వెళ్లేసరికి రెండో గది తలుపు పూర్తిగా మూసి లేదని సూపర్‌వైజర్ నోటు. తలుపు ఎవరు తెరిచారో అందులో లేదు. 7 గంటలకు మళ్లీ −18. సరుకు నష్టం ఏ కాగితంలోనూ నమోదు కాలేదు.

10-07-2025: ఎలక్ట్రీషియన్ పిలిస్తే జనరేటర్ దగ్గరకు వెళ్లానని, అందుకే రెండు రీడింగులు తీయలేదని ఉద్యోగి రాసిచ్చారు. తలుపు ప్రస్తావన లేదు. ఎలక్ట్రీషియన్‌ను అడిగినట్లు ఫైలులో కాగితం లేదు.

14-07-2025: హెచ్చరిక లేఖ జారీ. మూడు ఆలస్యాలు, ఖాళీ గడులు, తలుపు అందులోని అంశాలు. ‘తీవ్ర నిర్లక్ష్యం’ అన్నది లేఖలోని మాట. మళ్లీ జరిగితే క్రమశిక్షణ చర్య ఉంటుందని పేర్కొంది. కరెంటు పోవడం గురించి, 10వ తేదీ వివరణ గురించి లేఖలో లేదు.

16-07-2025: లేఖ అందినట్లు ఉద్యోగి సంతకం చేసి, కింద చేత్తో ఇలా రాశారు: “26వ తేదీ ఆలస్యం ఒప్పుకోను. తలుపు వేసే వెళ్లాను.” 21-07-2025 నాటికి దీనికి జవాబు ఫైలులో లేదు.

రెండో సూపర్‌వైజర్ నోటు చివర ఉద్యోగి ఇంటి విషయాలపై రెండు వాక్యాలున్నాయి. అవి విని రాసినవి, ఈ ఘటనలకు సంబంధం లేనివి, ఇక్కడ చేర్చలేదు. ఈ నోటు నకలు ఒకటి ఆ ఉద్యోగికి ఇచ్చాం.

సిబ్బంది విభాగం, 21-07-2025