ఎగుమతి డాక్యుమెంటేషన్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం: నవంబర్ 10న పంపిన రెజ్యూమె గురించి

ప్రసాద్ గారికి,

నమస్కారం. నా పేరు సంధ్య. విశాఖపట్నంలో రొయ్యల ఎగుమతి కంపెనీ ఒకదానికి డాక్యుమెంటేషన్ ఎగ్జిక్యూటివ్ కావాలని మీరు ఇచ్చిన ప్రకటన చూసి, 2025 నవంబర్ 10, సోమవారం నాడు నా రెజ్యూమె పంపాను. ఈ రోజు 18. ఇప్పటివరకు జవాబు రాలేదు కాబట్టి రాస్తున్నాను. ఆ ఉద్యోగానికి ఎంపిక ఇంకా నడుస్తోందా? నా దరఖాస్తు మీ క్లయింట్ దాకా వెళ్లిందా? ఈ రెండు సంగతులూ ఒక్క లైనులో చెప్పినా చాలు.

గత వారం ఊరంతా సీఐఐ సదస్సు హడావుడిలో ఉంది. 14, 15 తేదీల్లో ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండ్స్ వైపు వెళ్లే రోడ్ల సంగతి మీకూ తెలిసే ఉంటుంది. ఆ రోజుల్లో చాలా ఆఫీసుల్లో పనులు వెనకబడ్డాయి కదా అని నిన్నటి దాకా ఆగాను. మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లో కిందికి వెళ్లిపోయి ఉండొచ్చు కాబట్టి రెజ్యూమె మళ్లీ జత చేస్తున్నాను. మొన్న పంపిందే, మార్పేమీ లేదు.

మీకు సమయం తక్కువగా ఉంటే ఇక్కడితో ఆపేయవచ్చు. కింద రాసింది, నా రెజ్యూమెను క్లయింట్‌కు పంపాలా వద్దా అని చూసేటప్పుడు మీకు పనికొస్తుందని రాశాను. రైతులతోనూ ప్లాంట్ సూపర్‌వైజర్లతోనూ తెలుగులో ఉత్తరప్రత్యుత్తరాలు నడపగలగాలని ప్రకటనలో ఉంది. రెండు పేజీల ఇంగ్లీషు రెజ్యూమెలో ఆ సంగతి కనిపించదు. అందుకే ఈ మెయిల్ తెలుగులో రాస్తున్నాను.

నేను ఆరేళ్లుగా ఇక్కడే ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మొదట్లో టైపింగ్, ఫైలింగ్. నాలుగేళ్లుగా ఫ్రోజెన్ రొయ్యల రీఫర్ కంటైనర్ల పత్రాలు పూర్తిగా నేనే చూస్తున్నాను. బుకింగ్ వచ్చిన దగ్గర నుంచి ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు సరిచూడటం, ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్లు వేయించడం, హెల్త్ సర్టిఫికెట్ కోసం ఎగుమతి తనిఖీ సంస్థకు దరఖాస్తు, వీజీఎం, గేట్ ఇన్, లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్, బీఎల్ డ్రాఫ్ట్, చివరికి బ్యాంకుకు వెళ్లే సెట్ దాకా. అమెరికా సరుకైతే వీటికి తోడు డీఎస్ 2031 డిక్లరేషన్ కూడా.

ఈ జాబితా అయితే ఈ లైనులో ఉన్న ఎవరి రెజ్యూమెలోనైనా ఉంటుంది. పత్రాల మధ్య తేడా ఎక్కడ పుడుతుందో ముందే చూడటం మాత్రం అందరికీ అలవాటు ఉండదు. నాకు ఉంది. ఒక ఉదాహరణ చెప్తాను.

అమెరికా కొనుగోలుదారుకు సరుకు పౌండ్లలో వెళ్తుంది. మాస్టర్ కార్టన్‌కు 2 పౌండ్ల పౌచ్‌లు పది, అంటే 20 పౌండ్లు. కిలోల్లో అది 9.07. ప్లాంట్‌లో లెక్క తేలిగ్గా ఉంటుందని 9 కిలోలు అని వేసేస్తారు. ఒక కార్టన్‌కు అది ఏ మూలకూ రాదు. కానీ 1,800 కార్టన్ల కంటైనర్‌కు 9 చొప్పున 16,200 కిలోలు వస్తే, పౌండ్ల నుంచి సరిగ్గా మారిస్తే 16,329 వస్తుంది. తేడా 129 కిలోలు. ఇన్‌వాయిస్‌లో ఒక అంకె, హెల్త్ సర్టిఫికెట్‌లో ఇంకో అంకె ఉంటే అవతలి రేవులో అడిగేవాళ్లు అడుగుతారు. ఓడ బయల్దేరాక బీఎల్ దిద్దించడం ఖర్చు, ఆలస్యం, పైగా నాలుగు ఆఫీసుల చుట్టూ ఫోన్లు. అందుకే ప్యాకింగ్ లిస్టు రాగానే నేను మొదట చూసేది మొత్తం బరువు కాదు, ఒక్క కార్టన్ బరువు. ఆ తర్వాత నెట్ వెయిట్‌లో గ్లేజ్ కలిపారా తీసేశారా అని అడుగుతాను. ఈ రెండూ తేలితే మిగతా కాగితాల్లో సగం పని అయిపోయినట్టే.

అలాగే ఇన్‌వాయిస్ నంబరు. షిప్పింగ్ బిల్లులో ఒక రకంగా, జీఎస్టీ రిటర్నులో ఇంకో రకంగా పడితే SB005 అని ఎర్రర్ వచ్చి ఐజీఎస్టీ రిఫండ్ ఆగిపోతుంది. మధ్యలో ఒక గీత, ముందు ఒక సున్నా తేడా పడినా చాలు. అకౌంట్స్ వాళ్లదీ మాదీ వేర్వేరు లోకాలన్నట్టు నడిచే చోట ఇది తరచూ జరుగుతుంది. మా ఆఫీసులో షిప్పింగ్ బిల్లు వేసిన రోజే దాని చెక్‌లిస్టు క్లయింట్ అకౌంటెంట్‌కు వాట్సాప్‌లో పంపి, ఇదే నంబరు రిటర్నులో పెట్టండి అని చెప్పే పద్ధతి నేను మొదలుపెట్టాను. ఇప్పుడు ఆఫీసులో అందరూ అదే చేస్తున్నారు.

ఇక రైతుల విషయం. యూరప్‌కు వెళ్లే సరుకుకు పట్టుబడికి ముందే చెరువు నుంచి శాంపిల్ తీసి ఎంపెడా ల్యాబ్‌లో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష చేయించాలి. ఆ సర్టిఫికెట్ లేకుండా ఆ చెరువు రొయ్య యూరప్ లాట్‌లోకి రాకూడదు. కాగితం మీద చూస్తే ఇది చిన్న విషయం. చెరువు గట్టు మీద మాత్రం అంత తేలిక కాదు. కౌంట్ 40కి వచ్చింది, రేటు బాగుంది, ఈ రాత్రే పట్టేస్తానని రైతు అంటాడు. రిపోర్టు ఇంకా రాలేదని మనం చెప్పాలి. ఇంగ్లీషులో ఉన్న ఫారం చూపించి నిబంధన ఇదీ అంటే వినరు. నేను ఒక పేజీ తెలుగు నోటు తయారు చేసుకున్నాను: శాంపిల్ ఎప్పుడు తీయాలి, ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఎక్కడ రాయాలి, ఏ మందులు వాడితే లాట్ తిరస్కరిస్తారు, రిపోర్టు రాకముందే పడితే సరుకు ఏ మార్కెట్‌కు మళ్లుతుంది, అప్పుడు రేటు ఎందుకు మారుతుంది. చివరి వాక్యం దగ్గరే రైతులు ఆగి చదువుతారు. ఆ నోటు కూడా జత చేస్తున్నాను. మా ఆఫీసు పేరు, క్లయింట్ల వివరాలు అందులో లేవు. నేను సొంతంగా రాసుకున్నది కాబట్టి మీ క్లయింట్‌కు చూపించినా అభ్యంతరం లేదు.

ఉన్న ఉద్యోగం ఎందుకు వదులుతున్నానని మీరు ఎలాగూ అడుగుతారు. ఆగస్టు 27 నుంచి అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరాక మా దగ్గరికి వచ్చే అమెరికా కంటైనర్లు తగ్గాయి. జీతం సమయానికే వస్తోంది, ఆఫీసు మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ బ్రోకర్ దగ్గర ఉంటే సరుకు తయారయ్యాక కాగితం మన చేతికి వస్తుంది. తప్పు ప్లాంట్‌లోనే పుట్టి ఉంటే దిద్దడం తప్ప ఏమీ చేయలేం. ఎగుమతిదారు దగ్గర పనిచేస్తే ఆ తప్పును లేబుల్ ప్రింట్ అయ్యే ముందే ఆపవచ్చు. యూరప్, జపాన్ మార్కెట్లు పెంచుకుంటున్నామని మీ ప్రకటనలో ఉన్న మాట చూసే దరఖాస్తు చేశాను. ఆ రెండు చోట్లా అడిగే పత్రాలు అమెరికా పత్రాల్లాంటివి కావు. యూరప్‌వి నాకు బాగా తెలుసు. జపాన్‌వి కొన్ని కంటైనర్లకే చేశాను, నేర్చుకోవాల్సింది ఉంది.

మీరు ఫోన్ చేస్తే మొదట అడిగే వివరాలు ఇవే అనుకుంటాను. ప్రస్తుతం చేతికి వచ్చే జీతం నెలకు 32,000 రూపాయలు, 38,000 ఆశిస్తున్నాను. పని చూశాక కొంత అటూ ఇటూ మాట్లాడుకోవచ్చు. నోటీసు 30 రోజులు. మా ఆఫీసులో మన స్థానంలోకి వచ్చేవాళ్లకు పని అప్పగించగానే వదిలే పద్ధతి ఉంది కాబట్టి 20 రోజుల్లో చేరగలను. ఇల్లు గాజువాకలో. ప్లాంట్ దువ్వాడ వైపున్నా, ఆఫీసు పోర్టు దగ్గరున్నా రోజూ వెళ్లి రాగలను. కటాఫ్ ఉన్న రాత్రుళ్లు ఆలస్యంగా ఉండటం నాకు అలవాటే. ఇంటికి చేర్చే బండి ఏర్పాటు ఉందో లేదో మాత్రం ముందే తెలుసుకోవాలనుంది. కాకినాడ, భీమవరం వైపు పోస్టింగ్ అయితే నాకు కుదరదు. మా పాప బడి ఇక్కడే. ఇది ఇప్పుడే చెప్పడం ఇద్దరికీ మంచిది.

ఇంకొక్క విషయం. ఈ నగరంలోనే మరో సంస్థ నుంచి నాకు ఆఫర్ వచ్చింది. వాళ్లకు నవంబర్ 25, మంగళవారం లోగా జవాబు చెప్పాలి. మిమ్మల్ని తొందరపెట్టడానికి దీన్ని వాడుకోవడం లేదు. అక్కడి పని ఎక్కువగా స్టీలు, బొగ్గు దిగుమతులు. ఇన్నేళ్లూ నేర్చుకున్నది రొయ్యల పని కాబట్టి మనసు మీ క్లయింట్ ఉద్యోగం మీదే ఉంది. ఇంటర్వ్యూకు అవకాశం ఉందని 24 లోగా తెలిస్తే అటువైపు కొంచెం గడువు అడగగలను. అవకాశం లేదంటే అది కూడా చెప్పండి. ఏమీ అనుకోను, అటు నిర్ణయం తీసుకోవడానికి వీలవుతుంది. పోస్టు ఇప్పటికే భర్తీ అయిపోయి ఉంటే, విశాఖలో ఇలాంటిదే మరొకటి వచ్చినప్పుడు నా రెజ్యూమె చూడమని కోరుతున్నాను.

ఫోన్‌కు మధ్యాహ్నం 1.30 నుంచి 2 మధ్య, సాయంత్రం 6.30 తర్వాత దొరుకుతాను. మిగతా సమయాల్లో వాట్సాప్ మెసేజ్ పెడితే చూసి నేనే చేస్తాను. నంబరు రెజ్యూమె మొదటి లైనులో ఉంది. శనివారం మాకు ఒంటిపూట కాబట్టి 22వ తేదీ మధ్యాహ్నం 3 తర్వాత ఎక్కడికి రమ్మన్నా వస్తాను. నేను ఉద్యోగం వెతుకుతున్నట్టు మా ఆఫీసులో ఇంకా చెప్పలేదు. అక్కడ విచారించాల్సి వస్తే ముందు నాతో ఒక మాట అనండి. నా పని గురించి చెప్పడానికి, మా దగ్గర సరుకు పంపే ఇద్దరు ఎగుమతిదారులు ఒప్పుకున్నారు. ఇంటర్వ్యూ దశకు వస్తే వాళ్ల నంబర్లు ఇస్తాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
సంధ్య
గాజువాక, విశాఖపట్నం
2025 నవంబర్ 18

జతచేసినవి:
Sandhya_Resume_ExportDocs.pdf
Raithu_Note_Telugu.pdf