మిగిలిన పోగు

పాత పడుగు కొసలకు కొత్త పడుగు అతకడం పొద్దున మొదలైంది. ఆ అంచు నుంచి శంకర్, ఈ అంచు నుంచి లక్ష్మి. అప్పుడు ఇద్దరి మధ్య నలభై అయిదు అంగుళాల పోగులు. ఇప్పుడు బెత్తెడు.

బూడిదలో వేళ్లు అద్దుకోవాలి. పాత కొస, కొత్త కొస జత చేసి మెలిపెట్టాలి. ఆ మెలికను పోగు వెంటే వాల్చి ఇంకోసారి నులమాలి. ముడి వేస్తే అచ్చు పళ్లలో ఇరికి తెగుతుంది. శంకర్ భివండి నుంచి వచ్చి మూడు రోజులైంది. పద్నాలుగు నెలల తర్వాత రావడం. ఇంతవరకూ వాళ్లు మాట్లాడుకున్నది పోగుల గురించే.

బయట అరుగు మీద అత్త కండెలు చుడుతోంది. రాట్నం కిర్రుమంటోంది.

లక్ష్మి చేయి ఆగింది.

"ఓ పోగు మిగిలింది."

"యాడ?"

"నీ దిక్కే. ఎక్కడ్నో దాటేసినవ్."

ఒక్క పోగు వరస తప్పితే చాలు, చిటికి కట్టి రంగులద్దిన చిలకల ముక్కులన్నీ చెదురుతాయి. అది అతనికి చెప్పక్కర్లేదు.

"ఏడింటికి బస్సున్నది," అన్నాడు.

ఆమె ఏమీ అనలేదు. మిగిలిన పోగు కొసను రెండు వేళ్ల మధ్య పట్టి అతని వైపు చాచింది. అతను ముందుకు వంగాడు. అందుకోవడానికి చేయి ఖాళీ లేదు. పిడికిట్లో ఇంకా అతకని కొసలు, వదిలితే వరస పోతుంది. ఆమె రెండో చేతిలోనూ అంతే.

అతని ఊపిరికి ఆ పోగు కదిలింది. లక్ష్మి దాన్నే చూస్తోంది. కదిలింది, మళ్లీ కదిలింది. తర్వాత కదల్లేదు.

అప్పుడు తలెత్తింది.

పెదవులు తగిలాయి. చేతులు ఎక్కడివక్కడే ఉన్నాయి, పోగుల మీద.

బయట రాట్నం ఆగింది.

ఇద్దరూ అలాగే ఉండిపోయారు. అత్త తెగిన దారం అతుక్కుంటోందో, చెవి ఇటు వేసిందో. గంజి వాసన, అతని గడ్డం గరుకు, ఎవరిదో తెలియని గుండె చప్పుడు. రాట్నం మళ్లీ కిర్రుమంది. లక్ష్మి అప్పుడు కళ్లు మూసుకుంది.

విడివడ్డాక అతని పిడికిలి చూసింది. మూడు కొసలు తెగి ఉన్నాయి. ఎప్పుడు బిగించాడో అతనికీ తెలిసినట్టు లేదు. మగ్గం దగ్గర అంత బిగింపు పనికిరాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె ఆ మాట అనలేదు. బూడిద చిప్పను అతని వైపు జరిపింది.

"ఎంత దాంక విప్పాలె?"

"తప్పు దొరికే దాంక."

అతను లేచి వెళ్లి ఆ చివరి అంచు దగ్గర కూర్చున్నాడు. మొదటి పోగు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.