భారతీ, నేనే బి సెక్షన్ సునీతని

ఏమే భారతీ, ఎలా ఉన్నావ్? కొత్త నంబరు నుంచి ఇంత పొడుగు మెసేజ్ చూసి కంగారు పడకు, నేను సునీతని. మన క్లాసులో సునీతలు ముగ్గురు కదా, వాళ్ళలో పొట్టి సునీతని, సోషల్ ఎగ్జామ్ ముందురోజు ఇండియా మ్యాప్ పరిచి నీకు నదులన్నీ అప్పజెప్పించినదాన్ని. గుర్తొచ్చానా లేదా? రాకపోతే మాత్రం ఊరుకోను.

ముందే చెప్పేస్తున్నా, ఇది పాలసీ కట్టమనడానికో చిట్టీలో చేరమనడానికో పెట్టిన మెసేజ్ కాదు. ఈమధ్య పాత ఫ్రెండ్స్ ఎవరు పలకరించినా "హాయ్ డియర్, హౌ ఆర్ యూ" అయిపోగానే మూడో లైన్లో ఏదో ఒక బిజినెస్ ప్లాన్ దిగుతోంది, అందుకని నాకే ఎవరైనా సడెన్‌గా ప్రేమ ఒలకబోస్తే భయమేస్తోంది. నాకు నీతో మాట్లాడాలనిపించింది, నంబరు దొరికింది, పెట్టేశా, అంతే.

నంబరు మీ అన్నయ్య ఇచ్చారు. అదెలా జరిగిందో చెప్పాలి నీకు. నాకిక్కడ రాజమండ్రిలో తాడితోట దగ్గర చిన్న టైలరింగ్ షాపు ఉంది, బ్లౌజులూ లంగాలూ కుడతాం, మగ్గం వర్క్ కూడా చేయిస్తాను. మొన్నొక రోజు ఒక పిల్ల వాళ్ళమ్మతో వచ్చింది, ఓణీల ఫంక్షన్ ఉందట, ఉప్పాడ పట్టు లంగా, దాని మీదకి బ్లౌజు, చేతులకి మగ్గం వర్క్. ఏ డిజైన్‌కి ఎంతవుతుందో నేను చెప్తుంటే ఆ పిల్ల కాలిక్యులేటర్ తీయలేదు, ఫోనూ తీయలేదు, బొటనవేలితో వేళ్ళ గణుపులు తడుముకుంటూ, పెదాలు చప్పుడు లేకుండా కదుపుతూ, నేను టోటల్ చెప్పేలోపే చెప్పేసింది. అచ్చం నువ్వే! లెక్కల పీరియడ్‌లో నువ్వు బెంచి కింద చెయ్యి దాచుకుని అలాగే కదా లెక్కపెట్టేదానివి. చేతిలో టేపు అలాగే పట్టుకుని "మీది ఏ ఊరమ్మా" అన్నా. "కొవ్వూరండీ" అంది. ఇంటిపేరు అడిగా. తర్వాత "మీకు భారతి అని..." అంటూ నేను పూర్తి చేసేలోపే "మా మస్కట్ అత్తండీ, ఈ పట్టు కొనమని డబ్బులు పంపింది తనే" అనేసింది. నాకు మాట రాలేదే. అక్కడ ఇంకో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు కాబట్టి సరిపోయింది కానీ లేకపోతే ఆ పిల్లని పట్టుకుని ఏడ్చేసేదాన్నేమో. ఫోన్‌లో నీ ఫొటో చూపించింది, నర్స్ యూనిఫామ్‌లో, పక్కన ఎవరో ఫిలిప్పీన్స్ అమ్మాయి అనుకుంటా. కొంచెం ఒళ్ళు చేశావ్. నేనూ అంతేలే, ఆ విషయం మనం మనం చూసుకుందాం.

ఆ రోజు నుంచీ పని చేస్తున్నా బుర్ర మాత్రం నైన్త్ క్లాసులోనే ఉంది. నువ్వు రోజూ కొవ్వూరు నుంచి రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి మీద బస్సులో వచ్చేదానివి, బస్సు లేటు, ఫస్ట్ పీరియడ్ సగం అయిపోయాక గుమ్మం దగ్గర నిలబడి "గోదావరి దాటి రావాలి సార్" అనేదానివి. ఆయన "గోదావరి నిన్న కూడా అక్కడే ఉంది కదమ్మా, అరగంట ముందు బయల్దేరు" అనేవారు, క్లాసంతా నవ్వేది, నువ్వు నవ్వకుండా వచ్చి కూర్చునేదానివి. నీకు కింద రైలు వెళ్తుంటే బస్సు వణుకుతుందని భయం, నాకు ఆ వణుకు కోసమే మీ ఇంటికి రావాలని సరదా. శనివారం నీతో వచ్చేసి ఆదివారం సాయంత్రం దాకా మీ ఇంట్లో పడి తినేదాన్ని. ఒకటి చెప్పనా, అప్పుడు మీది పశ్చిమ గోదావరి, మాది తూర్పు గోదావరి, "వేరే జిల్లా దానివి" అని నిన్ను ఏడిపించేదాన్ని కదా, 2022లో జిల్లాలు మార్చాక కొవ్వూరు కూడా తూర్పు గోదావరిలోకి వచ్చేసింది. ఇప్పుడు మనిద్దరిదీ ఒకటే జిల్లా, నువ్వేమో అక్కడెక్కడో ఒమన్‌లో.

ఆంటీ సంగతి నాకు మీ వదిన చెప్పేదాకా తెలియదే. కోవిడ్ సెకండ్ వేవ్‌లో అట. నువ్వు డ్యూటీలో ఉండి, ఫ్లైట్లు లేక రాలేకపోయావని, ఫోన్‌లో చూశావని చెప్పింది. ఇలాంటివాటికి ఏం రాయాలో నాకు తెలీదు. ఆంటీ చింతచిగురు రొయ్యలు చేసిన రోజు నాకని స్టీల్ డబ్బాలో విడిగా పెట్టి, మూత ఊడిపోకుండా రబ్బర్ బ్యాండ్ వేసి పంపేవారు, ఆ రబ్బర్ బ్యాండ్లు నేను జడకి పెట్టుకునేదాన్ని, అవి తియ్యడానికి జుట్టు తెగేది. మా అమ్మకి చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. అమ్మకి ఆంటీ అంటే 2003 పుష్కరాలే గుర్తు. మనం టెన్త్ అయిపోయి ఇంటర్‌లో చేరిన కొత్త, మీరంతా మా ఇంట్లో దిగారు, మీ నాన్నగారూ అన్నయ్యా మేడ మీద, మనం వంటింట్లో, స్టవ్ పక్కనే చాప. ఇంటికి వచ్చే జనానికి ఆంటీ తెల్లారుజామున పులిహోర కలిపి బేసిన్లతో పెట్టేవారు, మా అమ్మేమో "మీరు చుట్టాలండీ, కూర్చోండి" అని గొడవ. ఇద్దరూ ఆ పన్నెండు రోజులూ అలాగే గొడవపడ్డారు.

తర్వాత మనం ఎలా విడిపోయామో ఆలోచిస్తే గొడవా లేదు పాడూ లేదు. నువ్వు నర్సింగ్‌కి విజయవాడ వెళ్ళావ్. నా దగ్గర ఉన్నది మీ పక్కింటివాళ్ళ పీపీ నంబరు, వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు, నా దగ్గరేమో ఫోనే లేదు. ఆర్కుట్‌లో నువ్వొకసారి "హాయ్ పొట్టీ" అని స్క్రాప్ పెట్టావ్, నేను నెట్ సెంటర్‌కి వెళ్ళి చూసేసరికి ఎన్ని నెలలైందో, రిప్లై పెట్టాను, చూశావో లేదో. ఇప్పుడు ఆ ఆర్కుటే లేదు. నా పెళ్ళికి నువ్వు రాలేదని మాత్రం చాలాకాలం కోపం ఉండేది, ఇప్పుడు లేదు కానీ, కార్డు అందిందా అసలు? అది మాత్రం చెప్పు.

నా సంగతులు టూకీగా. మా ఆయన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చేస్తారు, మంచోడే, మాటలు తక్కువ, నేను మాట్లాడేదాంట్లో సగం కూడా వినరు కాబట్టి గొడవల్లేవు. ఇద్దరు పిల్లలు. పెద్దది ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ, నాకు రాని లెక్కలన్నీ అది చేసి పారేస్తోంది, నా పోలిక కాదు. చిన్నోడు సెవెంత్, ఫోన్ చేతిలోంచి లాక్కోవడమే నా ఉద్యోగం. షాపు మొదట ఇంట్లోనే ఒక మిషన్‌తో మొదలుపెట్టా, ఫాల్, జిగ్‌జాగ్, పాత బ్లౌజులు లూజు చెయ్యడం, ఇవే. ఇప్పుడు మగ్గం దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుంటారు, పెళ్ళిళ్ళ సీజన్‌లో నాకు నిద్ర ఉండదు. క్రాఫ్ట్ పీరియడ్‌లో నాకొక్కదానికే కాజాలు సరిగ్గా వచ్చేవి, నువ్వేమో కుట్టిన గుండీ రెండో రోజుకి ఊడిపోయేది, ఆ చేతులతో నువ్వు మనుషులకి కుట్లు వేస్తున్నావంటే ఆ పేషెంట్ల ధైర్యానికి దణ్ణం పెట్టాలి. జోక్ చేస్తున్నాలే. మీ మేనకోడలు చెప్పింది, ఐసీయూలో సీనియర్ అటగా నువ్వు, వింటుంటే భలే గర్వంగా అనిపించింది.

మన బ్యాచ్ గ్రూప్ ఒకటుంది వాట్సాప్‌లో, కావాలంటే యాడ్ చేయిస్తా, కానీ ఆశలేం పెట్టుకోకు. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, ఎలక్షన్లప్పుడు తిట్టుకోవడం, ఎవరిదైనా పుట్టినరోజైతే నలభై కేకులు, ఎవరూ ఎవరి గురించీ ఏమీ అడగరు. అందుకే అక్కడ "భారతి దొరికింది" అని కూడా పెట్టలేదు నేను. ముందు నువ్వు నాతో మాట్లాడు, తర్వాత చూద్దాం.

నీ గురించి నాకు కావాల్సినవి చాలా ఉన్నాయి, తీరిగ్గా చెప్పు. బాబు ఎన్నో క్లాసు, అక్కడ తెలుగు మాట్లాడతాడా? ఆ ఎండల్లో ఎలా ఉంటున్నావే? మీ ఆయన ఏం చేస్తారు? ఇంకా నైట్ డ్యూటీలు వేస్తున్నారా? తలనొప్పి వస్తే ఇప్పటికీ జండూబామ్ కళ్ళ మీదకి కూడా పూసేసుకుంటావా? మనసు బాలేనప్పుడు ఎవరితో చెప్పుకుంటావ్? ఇది ఊరికే అడగట్లేదు. ఇక్కడ నాకు పలకరించే మనుషులకి కొదవ లేదు, రోజుకి యాభైమంది వస్తారు షాపుకి, కానీ నేను ఫ్రాక్ వేసుకున్నప్పటి నుంచీ తెలిసిన మనిషి ఒక్కళ్ళూ లేరు.

సరే, అసలు విషయం. ఫంక్షన్ మే నెలలో, నువ్వు వస్తున్నావని మీ వదిన అంది. హైదరాబాద్‌లో దిగి గౌతమి ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రిలో ఉంటావ్, స్టేషన్‌కి నేను బండి మీద వస్తా, కొవ్వూరు తర్వాత వెళ్దువుగాని, ఒక పూట మా ఇంట్లో ఆగాలి, నో అంటే ఊరుకోను. కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ తాగుదాం, నాకు షుగర్ బోర్డర్‌లో ఉంది కాబట్టి నాది కూడా నువ్వే తాగు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి, దానికీ ఇప్పటినుంచే లీవు గురించి ఆలోచించు. మొదటిరోజు మాత్రం వద్దు, 2015లో ఘాట్ దగ్గర ఆ తొక్కిసలాట అయినప్పటి నుంచీ మా అమ్మ మొదటిరోజు అంటేనే వణికిపోతుంది, మధ్యలో ఏదో ఒక రోజు ఇద్దరు అమ్మమ్మల్లా నెమ్మదిగా వెళ్ళొద్దాం.

ఫంక్షన్‌కి నీ బ్లౌజు నేనే కుడుతున్నా, ఇందులో డిస్కషన్ లేదు. ఆది జాకెట్టు ఒకటి మీ వదిన దగ్గర ఉందంది కానీ అది ఎప్పటిదో, ఆ ఫొటో చూశాక దాన్ని నేను నమ్మను. టేపు తీసుకుని ఛాతీ, నడుము, భుజం, చెయ్యి పొడవు, చెయ్యి లూజు, మెడ ముందు వెనక లోతు కొలిచి అంగుళాల్లో పెట్టు, సెంటీమీటర్లు వద్దు. పొట్ట లోపలికి లాక్కుని కొలవకు, తర్వాత ఊపిరాడక తిట్టుకుంటావ్. చీర ఏ రంగో కూడా చెప్పు, లైనింగ్ తడిపి ఆరబెట్టాలి.

మీకూ మాకూ గంటన్నర తేడా అట కదా. నేను రాత్రి పదిన్నర దాకా మెలకువగానే ఉంటా, అంటే నీకు తొమ్మిది. డ్యూటీలో ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టెయ్, టైప్ చెయ్యొద్దు, నాకు నీ గొంతు వినాలని ఉంది. షాపులో ఉన్నప్పుడు మిషన్ చప్పుడుకి ఫోన్ వినపడదు, ఎత్తకపోతే ఇంకోసారి చెయ్యి.